కవర్ మీద ఒక తాడు, దాని వెనక పదకొండు ఈమెయిళ్లు

మా కంపెనీ తాళ్లు తయారుచేస్తుంది. పడవలకు, క్రేన్లకు, పెద్ద గుడారాలకు వాడే నైలాన్, పాలిస్టర్ తాళ్లు. బ్రోచర్ కవర్ మీద ఏళ్ల తరబడి ఒకటే ఫొటో ఉండేది. తెల్లటి నేపథ్యంలో తాడు చుట్ట. చలికి ముడుచుకుని పడుకున్న పాములా ఉందని ఆఫీసులో అందరూ నవ్వుకునేవాళ్లం గానీ మార్చే ఓపిక ఎవరికీ ఉండేది కాదు.

కిందటిసారి కొత్త బ్రోచర్ పని నాకు అప్పగించారు. మా డిజైనర్ మొదటి నమూనా తెచ్చి బల్ల మీద పెట్టాడు. కవర్ నిండా ఒక మనిషి పడవ అంచున నిలబడి తడి తాడు లాగుతున్నాడు. చేతుల్లో నరాలు తేలాయి, తాడు మెలికల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి. మా మేనేజర్ గారు చూడగానే, “ఇదే ఖాయం, ప్రింటుకు పంపండి” అన్నారు. ఎక్కడిదని డిజైనర్‌ని అడిగాను. “నెట్‌లో దొరికింది, ఫ్రీ” అన్నాడు. అతను చూపించిన వాల్‌పేపర్ల సైట్‌లో ఫొటో కింద డౌన్‌లోడ్ బటన్ ఉంది. తీసింది ఎవరో మాత్రం ఎక్కడా లేదు.

ఆ బటన్ పెట్టినవాడికి ఫొటో మీద హక్కు ఉందని మనకు ఎలా తెలుస్తుంది? మామూలుగా ఫొటో తీసిన క్షణం నుంచే కాపీరైట్ తీసినవాళ్లది. ఎక్కడా రిజిస్టర్ చేయించుకోనక్కరలేదు, ఫొటో మీద గుర్తు వేసుకోనక్కరలేదు. కాబట్టి పేరు కనిపించకపోతే యజమాని లేడని కాదు, యజమాని ఎవరో ఇంకా తెలియలేదని.

ఫొటోను ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే ముప్పైకి పైగా పేజీలు వచ్చాయి. అన్నీ ఒకరి దగ్గర ఒకరు తీసుకున్నవే. ముందు తేదీలు చూసి పాతది ఏదో పట్టుకుందామనుకున్నాను గానీ ఆ తేదీలను నమ్మడానికి లేదు. పని చేసింది వేరే గుర్తు. చాలా పేజీల్లో ఫొటో మనిషి మోచేతి దగ్గర ఆగిపోయింది. ఒకే ఒక్క పేజీలో మాత్రం కుడి పక్కన పడవ ముక్కు, దాని మీద రంగుతో రాసిన నంబరు కూడా ఉన్నాయి. కాపీ చేసేవాళ్లు అంచులు కోయగలరు గానీ లేని అంచును అంత తేలిగ్గా తేలేరు. ఆ పేజీ ఒక ఫొటోగ్రాఫర్ సొంత సైట్. అక్కడి ఫైల్ దించి వివరాలు తెరిస్తే Creator, Copyright Notice అనే గడుల్లో ఆవిడ పేరే ఉంది. వాల్‌పేపర్ సైట్ కాపీలో అవే గడులు ఖాళీగా ఉన్నాయి.

ఫొటో కింద CC BY-NC-ND 4.0 అని క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ గుర్తు ఉంది. అది చూసి మా మేనేజర్ గారికి ప్రాణం లేచొచ్చింది. “పేరు వేస్తే వాడుకోవచ్చనే కదా దాని అర్థం?” అన్నారు. మొదటి షరతు వరకు నిజమే, BY అంటే పేరు వెయ్యాలి. NC అంటే వ్యాపార ప్రయోజనం కోసం వాడకూడదు. తాళ్లు అమ్మడానికి అచ్చు వేసే బ్రోచర్ వ్యాపారం కాదని ఎవరినీ ఒప్పించలేం. ND అంటే మార్పులు చేసిన రూపాన్ని పంచకూడదు. మేమేమో ఫొటోను నిలువుగా కోసి, ఆకాశం మీద కంపెనీ పేరు వెయ్యబోతున్నాం. అంటే మూడింట్లో రెండు షరతుల దగ్గర ఇబ్బందే.

కానీ ఆ లైసెన్స్ అందరికీ ఉమ్మడిగా ఇచ్చిన అనుమతి మాత్రమే. హక్కుదారు ఆవిడే కాబట్టి దానికి బయట మాకు విడిగా ఇంకో అనుమతి ఇవ్వడానికి ఆవిడకు ఏ అడ్డూ లేదు. అడగాలి, అంతే.

అడగడంలోనే తప్పు చేశాను. నా మొదటి మెయిల్ మూడు ముక్కలు. “మీ ఫొటో చాలా బాగుంది. మా కంపెనీ బ్రోచర్‌లో వాడుకోవచ్చా? మీ పేరు వేస్తాం, మీకు మంచి ప్రచారం వస్తుంది.” నాలుగు రోజులు జవాబు లేదు. ఆ చివరి వాక్యం ఇప్పుడు తలచుకున్నా సిగ్గేస్తుంది. క్రేన్ తాడు కొనడానికి వచ్చినవాడు బ్రోచర్ వెనక్కి తిప్పి, ఫొటోగ్రాఫర్ పేరు వెతికి, పని ఇస్తాడా?

ఐదో రోజు జవాబు వచ్చింది. అవునని లేదు, కాదని లేదు. అన్నీ ప్రశ్నలే. ఎన్ని కాపీలు? కవర్ మీదా, లోపలా? ఎంత సైజు? అచ్చు ఒక్కటేనా, పీడీఎఫ్ కూడా ఉందా? ఏ దేశాల్లో పంచుతారు? ఎన్నాళ్లు వాడతారు? కోత, మార్పులు ఏమైనా ఉన్నాయా? ఈ ఫొటో మరే కంపెనీకీ ఇవ్వకూడదని అడుగుతారా? చివర ఒక మాట: “ఇవి తెలియకుండా నేను ధర చెప్పలేను. ధర ఫొటోకు కాదు, వాడకానికి.”

లోపలి పేజీలో అగ్గిపెట్టెంత ఫొటోకూ, కవర్ నిండా పరిచిన ఫొటోకూ ఒకే ధర ఉండదని అప్పుడు తట్టింది. ఐదు వందల కాపీలకు అడిగింది వేరు, యాభై వేలకు అడిగింది వేరు.

జవాబుల కోసం ఆఫీసులో తిరిగితే ఇంకో సంగతి బయటపడింది. మాకే తెలియదు. అమ్మకాల వాళ్లు మూడు వేల కాపీలు చాలన్నారు. మేనేజర్ గారు ఐదు వేలన్నారు. వెబ్‌సైట్ చూసే అబ్బాయి పీడీఎఫ్ పెడతానన్నాడు. ఇంకొకరు ఎగ్జిబిషన్‌లో బ్యానర్‌గా కూడా బాగుంటుందన్నారు. నిజం చెప్పాలంటే ఆవిడతో బేరానికి పట్టిన దానికంటే మాలో మేం ఒక మాట మీదికి రావడానికి ఎక్కువ రోజులు పట్టింది. బ్యానర్ ఆలోచన పక్కన పెట్టించాను. వాడతామో లేదో తెలియని దానికి డబ్బు కట్టడం ఎందుకు, కావాల్సి వస్తే అప్పుడు అడగొచ్చు.

రెండో మెయిల్ ఇలా రాశాను.

> నమస్కారం మేడమ్. మొదటి మెయిల్‌లో వివరాలు ఇవ్వనందుకు క్షమించండి. మేం తాళ్లు తయారుచేసే కంపెనీ. పడవ అంచున తాడు లాగుతున్న మనిషి ఫొటో (లింకు కింద ఉంది) మా ఉత్పత్తుల బ్రోచర్ ముందు కవర్ మీద పూర్తి పేజీగా వాడాలనుకుంటున్నాం. ఏ4 సైజు, నిలువు, 5,000 కాపీలు, ఒకే ముద్రణ. అదే బ్రోచర్ పీడీఎఫ్‌గా మా వెబ్‌సైట్‌లో ఉంటుంది. పంపిణీ మా దేశంలోనే. వాడకం అచ్చైన తేదీ నుంచి రెండేళ్లు. ఫొటోను నిలువుగా కోస్తాం, పై భాగంలో కంపెనీ పేరు వస్తుంది, రంగులు మార్చం. డిజైన్ నమూనా జతచేశాను. ప్రకటనలు, బ్యానర్లు, సోషల్ మీడియా ఇందులో లేవు. ఈ వాడకానికి మీ ధర, షరతులు చెప్పగలరు. ఫొటోలో ఉన్న వ్యక్తి నుంచి రాతపూర్వక సమ్మతి మీ దగ్గర ఉందో లేదో కూడా తెలియజేయగలరు.

నమూనా జతచెయ్యడం డిజైనర్ సలహా. అది మంచి పని చేసింది. కోత అంటే ఎక్కడ, అక్షరాలు అంటే ఎంత పెద్దవి అని మాటల్లో రాస్తే ఒక పేజీ అవుతుంది. బొమ్మ చూస్తే క్షణం పని. జవాబు ఆ సాయంత్రమే వచ్చింది. అచ్చుకు ఒక ధర, పీడీఎఫ్ కలిపితే ఇంకో ధర, రెండూ విడివిడిగా. మేం భయపడినంత ఏమీ లేదు.

ఈలోగా మా లీగల్ చూసే ఆయన తన కాగితం తీశారు. మామూలుగా డిజైన్ పనులు బయట చేయించినప్పుడు సంతకం పెట్టించే ఒప్పందం అది. “అన్ని హక్కులూ, అన్ని మాధ్యమాల్లో, ప్రపంచమంతటా, శాశ్వతంగా కంపెనీకే” అని ఉంటుంది. “ఇదే పంపండి, రేపు ఏ గొడవా ఉండదు” అన్నారు. పంపాను. ఆవిడ కోప్పడలేదు. ఇస్తానన్నారు, మొదటి ధరకు ఆరు రెట్లు చెప్పి. కారణం కూడా రాశారు: “హక్కులన్నీ మీకు రాసిస్తే రేపు నా ప్రదర్శనలో నా ఫొటో పెట్టుకోవడానికి నేనే మిమ్మల్ని అడగాలి.” హక్కులు రాసివ్వడానికీ, వాడుకోవడానికి లైసెన్స్ ఇవ్వడానికీ తేడా ఇంత తేలిగ్గా నాకు ఇంకెవరూ చెప్పలేదు. ఇల్లు అమ్మడం ఒకటి, అద్దెకివ్వడం ఒకటి. రెండేళ్లలో పాతబడే బ్రోచర్ కోసం మేం ఇల్లు కొనబోయాం.

లీగల్ ఆయన భయం మాత్రం ఉత్తది కాదు. అదే ఫొటో రేపు మా పోటీదారు బ్రోచర్ మీద కనిపిస్తే ఏం చేస్తాం? దానికి హక్కులన్నీ కొనక్కరలేదని తర్వాత తేలింది. తాళ్ల తయారీ రంగంలో మరెవరికీ రెండేళ్లపాటు ఇవ్వకూడదని అడిగాం. ధరకు పావు వంతు కలిపి ఒప్పుకున్నారు. పత్రికలకు, పర్యాటక సంస్థలకు ఇచ్చుకోవడానికి ఆవిడకు స్వేచ్ఛ ఉంది. మాకు దానివల్ల పోయేదేమీ లేదు.

అసలు చిక్కు నేను మెయిల్ చివర్లో అడిగిన ప్రశ్న దగ్గర వచ్చింది. ఆ మనిషి సమ్మతి ఆవిడ దగ్గర లేదు. ఈ రంగంలో దాన్ని మోడల్ రిలీజ్ అంటారు. “నా ఫొటో వ్యాపారానికి వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు” అని ఫొటోలో ఉన్నవాళ్లు సంతకం చేసే కాగితం. ఆవిడ ఆ ఫొటో తీసింది పడవల వాళ్ల జీవితం మీద ఒక ఫొటో వ్యాసం కోసం. అలాంటి చోట చాలావరకు అది లేకపోయినా నడుస్తుంది. కంపెనీ కవర్ మీదికి వచ్చేసరికి ఆ మొహం ఈ తాడును మెచ్చుకుంటున్నట్టే అవుతుంది. ఫొటోగ్రాఫర్ ఇవ్వగలిగింది తన కాపీరైట్ మీద అనుమతి మాత్రమే, ఎదుటి మనిషి మొహం మీద కాదు. లైసెన్స్ కొనేశాం కదా అని మేం ముందుకెళ్లి ఉంటే అతను ఎవరిని నిలదీసేవాడు? మమ్మల్నే. ఇంకో విచిత్రం, అతను లాగుతున్న తాడు మాది కూడా కాదు!

అతన్ని వెతికి సంతకం తీసుకోవచ్చు గానీ ఫొటో తీసి చాలాకాలమైంది, దొరుకుతాడన్న నమ్మకం లేదన్నారు. ఇక ఫొటో వదులుకోవాల్సిందే అనుకుని, నమూనా చించే దాకా వచ్చాం. అప్పుడు ఆవిడే ఒక మెయిల్‌లో అదే రోజు, అదే పడవ మీద తీసిన ఆరు ఫొటోలు చిన్న సైజులో పంపారు. ఒకదాంట్లో మొహం లేదు. మోచేతుల నుంచి కింద చేతులు, తాడు, నీటి చుక్కలు, అంతే. పచ్చబొట్టు, ఉంగరం లాంటి గుర్తుపట్టే ఆనవాలు కూడా ఏదీ లేదు. పడవ నంబరు కూడా ఫ్రేములో లేదు. నిజానికి మాకు మొదటిదానికంటే ఇదే నప్పింది, తాడే కథానాయకుడు. అడిగితే తప్ప ఆ ఆరూ ఉన్నాయని తెలిసేది కాదు. సైట్‌లో పెట్టినదే ఫొటోగ్రాఫర్ దగ్గర ఉన్న మొత్తం సరుకు కాదని అప్పటికి గానీ నాకు తోచలేదు.

సైజు లెక్క మా డిజైనర్ చూశాడు. ఏ4 అంటే 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 ఎత్తు. కత్తిరింపు కోసం నాలుగు వైపులా మూడేసి మిల్లీమీటర్లు వదిలితే 216, 303. అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే దాదాపు 2,551 పిక్సెళ్ల వెడల్పు, 3,579 ఎత్తు కావాలి. ఆవిడ అసలు ఫైల్ అడ్డంగా 6,000, నిలువు 4,000. నిలువుగా కోసినా ఎత్తు 4,000, వెడల్పు సుమారు 2,850 మిగులుతుంది, సరిపోయింది. వాల్‌పేపర్ సైట్ కాపీ 1,920 వెడల్పు, 1,080 ఎత్తు. దొంగతనంగా వాడినా కవర్ మీద మసకగానే వచ్చేది. ఈ లెక్క ధర ఒప్పుకోకముందే చేసుకోవాలి. డబ్బు కట్టాక ఫైల్ చాలదని తేలితే ఎవరినీ అనడానికి ఉండదు.

మా డిజైనర్‌కి ఇంకో కోరిక ఉంది. తాడు ఎడమ నుంచి కుడికి వస్తే పేజీ తిప్పాలనిపిస్తుందట, ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పేద్దాం అన్నాడు. అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. కోతకు సరే, అక్షరాలకు సరే, తిప్పడానికి మాత్రం వీల్లేదన్నారు. “ఆ తాడు పేనిన మెలిక దిశ మారిపోతుంది. మీ కొనుగోలుదారులు తాళ్లవాళ్లే కదా” అన్నారు. తాళ్ల కంపెనీలో పదేళ్ల నుంచి పనిచేస్తున్న మాకు ఆ ముక్క ఆవిడ చెప్పాల్సి వచ్చింది. డిజైనర్ రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత శీర్షికను రెండో పక్కకు జరిపాడు.

లైసెన్స్ కాగితం రెండు పేజీలే. ఎక్కువ భాగం నా రెండో మెయిల్‌లోని మాటలే అందులోకి వచ్చాయి. మూడు చోట్ల మాత్రం ఆగి చదివాను. ఒకటి, పూర్తి సొమ్ము అందాకే లైసెన్స్ అమల్లోకి వస్తుంది. అంటే ఇన్‌వాయిస్ మా అకౌంట్స్‌లో ఉండిపోయి, బ్రోచర్ అచ్చైపోతే, మేం అనుమతి లేకుండా వేసినట్టే. అందుకని ప్రెస్‌కు ఫైల్ పంపే తేదీని చెల్లింపు తర్వాతికి మార్చాం. రెండోది కాపీల సంఖ్య. ప్రెస్‌వాళ్లు ఐదు వేలంటే సరిగ్గా ఐదు వేలే వెయ్యరు, కొంచెం ఎక్కువో తక్కువో వస్తాయి. “పది శాతం వరకు అదనంగా రావచ్చు” అని చేర్చమంటే వెంటనే చేర్చారు. మూడోది మేం కోరింది. ఫొటో తాను తీసిందేననీ, ఈ హక్కు ఇచ్చే అధికారం తనకుందనీ ఆవిడ రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. మా లీగల్ ఆయనకు ఆ ఒక్క వాక్యంతో నిద్ర పట్టింది.

పేరు వెనక అట్ట లోపలి వైపు, కింద, ఆవిడ ఇచ్చిన అక్షరాలతోనే వేశాం. ప్రూఫ్ పంపితే, పేరులో ఒక అక్షరం తప్పు పడిందని పట్టుకున్నారు. ప్రూఫ్ పంపకపోతే ఆ తప్పు ఐదు వేల కాపీల్లో ఉండేది.

బ్రోచర్లు వచ్చిన నెలకు ఒక డీలర్ ఫోన్ చేశాడు. “కవర్ ఫొటో భలే ఉంది సార్, పెద్ద ఫైల్ పంపండి, మా షాపు ముందు బోర్డు చేయిస్తా.” మన కంపెనీ ప్రచారమే కదా అని మా అమ్మకాల వాళ్లు పంపబోతుంటే ఆపాను. లైసెన్స్ మాకు ఇచ్చారు గానీ మేం ఇంకొకరికి ఇవ్వడానికి లేదు, పైగా బోర్డు మా జాబితాలోనే లేదు. డీలర్‌కి కోపం వచ్చింది. చేతులు లేని పాత పాము ఫొటో మా సొంతం కాబట్టి అది పంపాం. దాన్నే బోర్డు చేయించాడు.

రెండేళ్ల గడువుకు నెల ముందు గుర్తు చేసేలా క్యాలెండర్‌లో పెట్టుకున్నాను. అది మోగిన రోజుకు బీరువాలో ఇంకా నాలుగు వందల బ్రోచర్లు ఉన్నాయి. ఒప్పందం తీసి చూస్తే, గడువులోపు అచ్చైన కాపీలు అయిపోయేదాకా పంచుకోవచ్చని ఉంది. పీడీఎఫ్ మాత్రం ఆ తేదీకి దించెయ్యాలి. కొత్త బ్రోచర్ ఇంకా తయారుకాలేదు. పీడీఎఫ్ ఒక్కదానికి ఆరు నెలలు పొడిగించగలరా అని రాశాను. ఈసారి మెయిల్‌లో ఎంతకాలం, ఎక్కడ, ఏ ఫైల్ అన్నీ మొదటి వాక్యంలోనే ఉన్నాయి. గంటలో జవాబొచ్చింది, ధరతో సహా.